బొమ్మ చుట్టూ మసి అంచు ఎందుకు?

వీడియో గేమ్‌లో గోడకు చాలా ముందుగా నిలబడి ఉన్న మనిషిని ఒక్క క్షణం ఆపి చూడండి. కొన్ని గేముల్లో అతని భుజాల పక్కన, తల చుట్టూ, వెనకున్న గోడ మీద పల్చటి మసి పులిమినట్టు ఒక అంచు కనిపిస్తుంది. అది నీడ కాదు. దీపాన్ని ఏ వైపు తిప్పినా అది కదలదు, మనిషి కదిలితే మాత్రం వెంటే వస్తుంది. గోడ అతనికి అయిదు మీటర్ల వెనక ఉన్నా ఆ మసి అలాగే ఉంటుంది. గ్రాఫిక్స్ పనివాళ్లు దీన్ని హేలో అంటారు. ఇది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే, తెర మీద బొమ్మను గీయడానికి కంప్యూటర్ దగ్గర ఏ సమాచారం ఉందో, ఏది లేదో కూడా స్పష్టమవుతుంది.

మూలల్లో చీకటి

మేఘాలు కమ్మిన రోజు గదిలో దీపం వేయకుండా చూస్తే గోడలు తెల్లగానే ఉంటాయి గానీ, రెండు గోడలు కలిసే మూల, బీరువా కింది సందు, తలుపు చట్రం లోపలి అంచు కొంచెం నల్లగా కనిపిస్తాయి. వెలుగు అన్ని దిక్కుల నుంచీ మెత్తగా వస్తున్నప్పుడు, చుట్టూ అడ్డం ఎక్కువగా ఉన్న చోటికి తక్కువ చేరుతుంది. ఈ లెక్కకే యాంబియంట్ అక్లూజన్ అని పేరు. ఒక బిందువు దగ్గర నిలబడి చుట్టూ చూస్తే ఎంత భాగం తెరిచి ఉంది, ఎంత భాగం మూసుకుపోయింది అన్నదే ఇక్కడి ప్రశ్న. పూర్తిగా తెరిచి ఉంటే విలువ 1, పూర్తిగా మూసుకుపోతే 0.

సినిమా వాళ్లు దీన్ని ముందే వాడారు. 2001లో వచ్చిన ‘పెర్ల్ హార్బర్’ చిత్రంలోని విమానాల కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ ఈ పద్ధతిని ఉపయోగించింది. దానికి రూపమిచ్చిన హేడెన్ లాండిస్, కెన్ మెక్‌గా, హిల్మార్ కోక్‌లకు 2010లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. వాళ్లు ప్రతి బిందువు నుంచి అనేక దిక్కులకు కిరణాలు పంపి, ఏది దేనికి తగులుతుందో లెక్క కట్టేవారు. సినిమాలో ఒక్క ఫ్రేమ్‌కు ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు. గేమ్‌లో అలా కుదరదు. సెకనుకు 60 ఫ్రేములు గీయాలంటే ఒక్కో దానికి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. అందులోనే బొమ్మ, నీడలు, పొగ, నీళ్లు అన్నీ పూర్తి కావాలి.

ఈ ఇరుకులోంచి దారి తీసింది జర్మనీలోని క్రైటెక్ సంస్థ. 2007లో విడుదలైన ‘క్రైసిస్’ గేమ్ కోసం అక్కడి ఇంజినీరు వ్లాదిమీర్ కజాలిన్ ఒక ఉపాయం పన్నాడు. మొత్తం దృశ్యాన్ని వెతకడం మానేసి, అప్పటికే చేతిలో ఉన్న లోతు చిత్రాన్నే అడగాలన్నది ఆ ఉపాయం. అదే స్క్రీన్ స్పేస్ యాంబియంట్ అక్లూజన్. పనివాళ్ల నోట ఎస్‌ఎస్‌ఏఓ.

లోతు చిత్రం అంటే

తెర మీద ప్రతి పిక్సెల్‌కు రంగుతో పాటు మరో అంకెను కూడా కంప్యూటర్ దాచుకుంటుంది. ఆ పిక్సెల్‌లో కనిపిస్తున్న వస్తువు కెమెరాకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె అది. ఈ అంకెల పట్టికే డెప్త్ బఫర్. 1920×1080 తెరకు సుమారు 20.7 లక్షల అంకెలు ఉంటాయి. వస్తువులు ఎన్ని ఉన్నా, ఎంత క్లిష్టంగా ఉన్నా ఈ పట్టిక పరిమాణం మారదు. ఎస్‌ఎస్‌ఏఓ వేగమంతా ఇక్కడి నుంచే వచ్చింది. దాని జబ్బూ ఇక్కడే ఉంది.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కెమెరాకు 8 మీటర్ల దూరంలో తెల్లని గోడ. 3 మీటర్ల దూరంలో ఒక మనిషి. అతని భుజాన్ని ఆనుకుని తెర మీద కనిపించే గోడ బిందువును తీసుకుందాం. ఆ బిందువు చుట్టూ, గోడకు ఇవతలి వైపున, అర మీటరు వ్యాసార్థం ఉన్న అర్ధగోళంలో 16 నమూనా బిందువులను ఊహిస్తాం. అవన్నీ గాలిలోనే ఉన్నాయి. కెమెరా నుంచి వాటి దూరం ఏడున్నర నుంచి ఎనిమిది మీటర్ల మధ్య ఉంటుంది.

ఇప్పుడు ఒక్కో నమూనా తెర మీద ఏ పిక్సెల్‌లో పడుతుందో చూసి, అక్కడ డెప్త్ బఫర్‌లో ఉన్న అంకెను చదువుతాం. ఆ అంకె నమూనా దూరం కంటే తక్కువైతే, నమూనాకు ముందు ఏదో వస్తువు ఉందని అర్థం. అప్పుడు ఆ నమూనా ‘మూసుకుపోయింది’ అని రాసుకుంటాం.

మన బిందువు భుజం అంచునే ఉంది కాబట్టి 16 నమూనాల్లో దాదాపు సగం, అంటే 8, తెర మీద మనిషి శరీరం పైన పడతాయి. అక్కడ చదివిన లోతు 3 మీటర్లు. నమూనా లోతు, ఉదాహరణకు, 7.8 మీటర్లు. 3 తక్కువ కాబట్టి మూసుకుపోయింది అని తీర్పు. ఎనిమిదింటికీ అదే తీర్పు. మూసుకున్నవి 16లో 8, కాబట్టి విలువ 0.5. ఏ అడ్డమూ లేని తెల్లని గోడ భుజం పక్కన సగానికి సగం నల్లబడింది. హేలో పుట్టింది.

తప్పు కూడికలో లేదు, అడిగిన ప్రశ్నలో ఉంది. ఆ నమూనాలు నిజానికి మనిషికి నాలుగున్నర మీటర్లకు పైగా వెనక, ఖాళీ గాలిలో ఉన్నాయి. కానీ ప్రతి పిక్సెల్‌లోనూ ముందుగా కనిపించే పొర ఒక్కటే డెప్త్ బఫర్‌కు తెలుసు. మనిషి ఒంటి మందం ఎంత, అతని వెనక ఏముంది అన్నది దానికి తెలియదు. ఆ మనిషి భుజం నుంచి గోడ దాకా ఒకే దిమ్మలా సాగి ఉన్నాడనుకుని లెక్క వేసింది.

ఈ మసి అంచు ఎంత వెడల్పు ఉంటుందో కూడా చెప్పవచ్చు. కెమెరా నిలువు చూపు కోణం 60 డిగ్రీలు అనుకుంటే, 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెర మీద 8 మీటర్ల దూరంలోని అర మీటరు సుమారు 58 పిక్సెళ్లు అవుతుంది. భుజం దగ్గర చిక్కగా మొదలై 58 పిక్సెళ్ల దూరానికి పూర్తిగా పలచబడుతుంది. గోడ 4 మీటర్ల దూరంలోనే ఉంటే అదే అంచు 117 పిక్సెళ్లకు పెరుగుతుంది. ఈ పెరుగుదల గుర్తుంచుకోదగ్గది. జబ్బు ఏ రకమో గుర్తుపట్టడానికి తర్వాత పనికొస్తుంది.

ఇలాంటి అంచును కావాలని తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2006లో థామస్ లుఫ్ట్, కార్‌స్టెన్ కోల్డిట్జ్, ఆలివర్ డాయిసెన్ లోతు చిత్రాన్నే పదునుపెట్టి, ముందున్న వస్తువు వెనకటి దాని నుంచి విడిగా కనిపించేలా దాని చుట్టూ ముదురు అంచు వచ్చే పద్ధతిని ప్రచురించారు. చిత్రకారులు బొమ్మను నేపథ్యం నుంచి విడదీయడానికి అలాగే చేస్తారు. తొలినాటి గేముల్లో ఈ మసిని చాలామంది సహించడానికి అదీ ఒక కారణం. కానీ ఎంచుకుని గీసిన అంచు వేరు, ఎక్కడ పడితే అక్కడ అంటుకునే మసి వేరు.

మొదటి మందు: దూరం చూసి నమ్మడం

చదివిన లోతుకూ, మన గోడ బిందువు లోతుకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఆ అడ్డాన్ని నమ్మకూడదు. పనివాళ్లు దీన్ని రేంజ్ చెక్ అంటారు. షేడర్‌లో అది రెండు మూడు వరుసలకు మించదు:

```glsl
float diff = abs(fragPos.z - sampleDepth);
float rangeCheck = smoothstep(0.0, 1.0, radius / diff);
occlusion += hit * rangeCheck;
```

వ్యాసార్థాన్ని తేడాతో భాగించి, వచ్చినదాన్ని 0కూ 1కీ మధ్య నున్నగా వంచుతున్నాం. మన ఉదాహరణలో తేడా 5 మీటర్లు, వ్యాసార్థం 0.5. భాగిస్తే 0.1, వంచితే 0.028. ఒక్కో తప్పుడు తీర్పు బరువు 1 నుంచి 0.028కి పడిపోయింది. ఎనిమిదింటినీ కూడి 16తో భాగిస్తే 0.014. గోడ విలువ 0.5 నుంచి 0.986కు చేరింది. ఆ మిగిలిన ఒకటిన్నర శాతం మసిని కన్ను పట్టలేదు.

తేడా వ్యాసార్థాన్ని దాటగానే సున్నా చేసేయవచ్చు కదా అనిపిస్తుంది. అలా చేస్తే గోడ వైపు నడిచే మనిషి తేడా 0.51 నుంచి 0.49కి మారిన క్షణంలో వెనక ఉన్నట్టుండి మసి పుట్టుకొస్తుంది. నున్నగా వంచితే ఆ కుదుపు ఉండదు. అయితే దానికీ ఒక ధర ఉంది. మనిషి గోడకు మీటరు దూరంలో ఉంటే బరువు 0.5, గోడ మీద 25 శాతం చీకటి మిగిలే ఉంటుంది. రెండు మీటర్ల దూరంలో ఉంటే బరువు 0.16, చీకటి 8 శాతం. అంటే ఈ మందు దూరపు మసిని దాదాపు తుడిచేస్తుంది, దగ్గరి మసిని తగ్గిస్తుంది.

జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. ఈ తేడాను మీటర్లలోనే కొలవాలి. డెప్త్ బఫర్‌లో అంకెలు సాధారణంగా మీటర్లలో ఉండవు. దగ్గరి దూరాలకు ఎక్కువ చోటు, దూరపు దూరాలకు తక్కువ చోటు ఇచ్చేలా వంచి ఉంటాయి. వాటిని తిరిగి మీటర్లకు మార్చకుండా తేడా తీస్తే, కెమెరా ముందు సరిగ్గా ఉన్న రేంజ్ చెక్ దూరాన పనిచేయదు.

ఒకే అంకె, రెండు నిజాలు

దగ్గరి మసిని కూడా పూర్తిగా ఎందుకు తుడవలేం? గోడకు ఆనించి పెట్టిన 60 సెంటీమీటర్ల లోతున్న బీరువాను ఊహించండి. దాని ముందు తలుపు గోడ కంటే 0.6 మీటర్లు ఇవతల ఉంది. బీరువా పక్కన గోడ మీద చీకటి ఉండి తీరాలి, ఎందుకంటే బీరువా పక్క ముఖం నిజంగానే అక్కడికి వెలుగును రానివ్వదు. ఇప్పుడు బీరువాను తీసేసి, అదే కొలతలున్న పల్చటి అట్టను గోడకు 0.6 మీటర్ల ముందు వేలాడదీయండి. మన అర మీటరు పరిధిలో దాని నుంచి గోడకు ఏ అడ్డమూ లేదు.

ఎదురుగా ఉన్న కెమెరాకు ఈ రెంటి డెప్త్ బఫర్ ఒక్కటే. ఒక్క అంకె కూడా తేడా ఉండదు. కాబట్టి ఏ సూత్రం రాసినా రెంటికీ ఒకే జవాబు వస్తుంది. కఠినంగా కత్తిరిస్తే అట్ట సరిగ్గా కనిపిస్తుంది, బీరువా గోడకు అంటకుండా తేలినట్టుంటుంది. మెత్తగా వదిలేస్తే బీరువా సరిగ్గా ఉంటుంది, అట్ట చుట్టూ మసి మిగులుతుంది. ప్రతి రేంజ్ చెక్కూ వస్తువు మందం గురించి వేసిన ఒక ఊహే. ఆ గేమ్‌లో బీరువాలు ఎక్కువా, ఆకులూ తీగలూ ఎక్కువా అన్నదాన్ని బట్టి ఆ ఊహను సరిచేసుకోవాలి.

ఊహను సమాచారంగా మార్చాలంటే రెండో పొర కావాలి. ముందు పొరను ఒలిచి, దాని వెనకున్న పొర లోతును కూడా మరో పట్టికలో దాచుకునే పద్ధతిని ఎన్విడియాలోని లూయీ బవోయిల్, మిగెల్ సైంజ్ 2009లో ఎస్‌ఎస్‌ఏఓకు అన్వయించారు. మనిషి వెనక గోడ ఉందని అప్పుడు తెలుస్తుంది. కానీ దృశ్యాన్ని మళ్లీ గీయాల్సి వస్తుంది. ఆ ఖర్చును అన్ని గేములూ భరించలేవు.

తెల్లని అంచు

మసి పోయాక దానికి వ్యతిరేకమైన జబ్బు ఒక్కోసారి బయటపడుతుంది. ఈసారి మనిషి వెనక ఉన్నది గది మూల అనుకుందాం. ఆ మూలలో మామూలుగా 16 నమూనాల్లో 6 నిజంగా మూసుకుని ఉంటాయి, విలువ 0.625. భుజం అంచున 8 నమూనాలు మనిషి మీద పడ్డాయి. వాటిని రేంజ్ చెక్ తోసిపుచ్చింది. మిగిలిన ఎనిమిదిలో మూసుకున్నవి 3 అనుకుంటే, 16తో భాగించినప్పుడు విలువ 0.81 అవుతుంది. చీకటిగా ఉండాల్సిన మూలలో, భుజాన్ని ఆనుకుని ఒక వెలుగు చార కనిపిస్తుంది.

తోసిపుచ్చిన నమూనాలను ‘తెరిచి ఉన్నవి’గా లెక్కించడమే ఇక్కడ తప్పు. అవి తెరిచి ఉన్నాయని మనకు తెలియదు. అసలేమీ తెలియదు. కాబట్టి వాటిని లెక్కలోంచే తీసేయాలి. మూడింటిని 16తో కాక నమ్మదగ్గ 8తో భాగిస్తే మళ్లీ 0.625 వస్తుంది, చార మాయమవుతుంది. అయితే సన్నని కిటికీ ఊచల మధ్య నమ్మదగ్గ నమూనాలు ఒకటీ రెండే మిగిలితే, ఈ భాగహారం ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఎగిరిపడే చుక్కలను ఇస్తుంది. అలాంటి చోట భాగించే అంకె ఒక హద్దు కంటే తగ్గకుండా చూడాలి.

బ్లర్ తెచ్చే అంచు

మూడో అంచుకు నమూనాలతో పనిలేదు. పదహారే నమూనాలతో వచ్చిన జవాబు ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. అందుకని పక్కపక్క పిక్సెళ్ల విలువలను సగటు చేసి నునుపు చేస్తారు. 4×4 గడి బ్లర్ ఎక్కువగా వాడుకలో ఉంది. గోడ విలువ 1, భుజం మడతలో విలువ 0.6 అనుకుంటే, అంచున ఉన్న గోడ పిక్సెల్‌కు సగం సగటు భుజం నుంచే వస్తుంది. ఫలితం 0.8. సరిగ్గా వచ్చిన లెక్కను కూడా బ్లర్ ఇలా చెడగొడుతుంది. ఈ పనిని సగం తెరలో, అంటే 960×540లో చేసి పెద్దది చేస్తే ఆ చెడు రెట్టింపు వెడల్పుకు వ్యాపిస్తుంది.

దీనికి మందు 1998లో కార్లో తొమాసీ, రొబెర్తో మాందుచీ ఫొటోల కోసం ప్రచురించిన బైలేటరల్ ఫిల్టర్. పక్క పిక్సెల్‌ను సగటులో కలిపే ముందు దాని లోతును చూస్తుంది. తేడా ఎక్కువైతే దాని బరువును సున్నా వైపు తగ్గిస్తుంది. గోడ గోడతోనే, భుజం భుజంతోనే కలుస్తాయి. సగం తెర నుంచి పూర్తి తెరకు పెంచేటప్పుడు కూడా లోతు దగ్గరగా ఉన్న పొరుగు నుంచే విలువ తీసుకోవాలి.

ఎంత తేడాను ఎక్కువ అనాలి? ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. కెమెరా 1.6 మీటర్ల ఎత్తులో నిటారుగా చూస్తుంటే, 3 మీటర్ల దూరంలోని నేల మీద ఒక పిక్సెల్ నుంచి పై పిక్సెల్‌కు లోతు 6 మిల్లీమీటర్లే మారుతుంది. 20 మీటర్ల దూరంలో అదే మార్పు సుమారు 27 సెంటీమీటర్లు. హద్దును 10 సెంటీమీటర్లు అని పెడితే దగ్గరి నేల నునుపవుతుంది. దూరపు నేలలో ప్రతి పిక్సెల్ తన పొరుగును పరాయిదనుకుని గరుకుగానే మిగిలిపోతుంది. హద్దును దూరంతో పాటు పెంచడం ఒక దారి. పొరుగు పిక్సెల్ మన పిక్సెల్ ఉన్న తలంలోనే ఉందా అని ఉపరితలం దిక్కును బట్టి చూడటం ఇంకా మంచి దారి.

ఏ జబ్బో ఎలా తెలుస్తుంది

ముందు రంగులు తీసేసి, ఎస్‌ఎస్‌ఏఓ విలువలను మాత్రమే తెర మీద చూడాలి. తర్వాత వ్యాసార్థాన్ని సగం చేయండి. అంచు వెడల్పు కూడా సగమైతే, కెమెరా దగ్గరయ్యే కొద్దీ పెరుగుతుంటే, అది నమూనాల నుంచి వచ్చిన హేలో. రేంజ్ చెక్‌ను సరిచూసుకోవాలి. వ్యాసార్థం మార్చినా, కెమెరా కదిపినా అంచు ఎప్పుడూ అవే కొన్ని పిక్సెళ్లు ఉంటే అది బ్లర్ పని. బ్లర్ ఆపగానే పోతుంది. ముదురు చోట తెల్లగా కనిపిస్తే భాగహారాన్ని చూడాలి.

ఇంకో మాట. యాంబియంట్ అక్లూజన్ పరోక్షంగా వచ్చే వెలుగుకు సంబంధించినది. తయారైన బొమ్మ మొత్తాన్ని దానితో గుణించేస్తే, ఎండ నేరుగా పడుతున్న గోడ మీద కూడా మసి కనిపిస్తుంది. పరోక్ష వెలుగును మాత్రమే గుణిస్తే మిగిలిన కాస్త హేలో కూడా ఎండలో మునిగిపోతుంది.

ఉచితంగా దొరికే గోడో 4 ఇంజిన్‌లో ఇవన్నీ చేత్తో తిప్పి చూడవచ్చు. ఎన్విరాన్‌మెంట్‌లోని `SSAO` విభాగంలో `Radius` మన వ్యాసార్థం. బ్లర్ అంచులు దాటకుండా ఆపేది `Sharpness`. నేరు వెలుగు మీద ప్రభావం ఎంతో చెప్పేది `Light Affect`, అది మొదటి నుంచీ సున్నాలోనే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. కిరణాలతో లెక్క కట్టే కొత్త కార్డుల్లో దృశ్యాన్నే నేరుగా అడగవచ్చు కాబట్టి ఈ రకం హేలో పుట్టదు. ఫోన్లలో, మామూలు కంప్యూటర్లలో మాత్రం ఒకే పొర లోతు చిత్రం మీదే ఆధారపడాలి. అక్కడ హేలోను పూర్తిగా తీసేసే సూత్రం లేదు. ఏ వస్తువు దగ్గర తప్పు జరిగితే కన్ను ఓర్చుకుంటుందో ఎంచుకోవాల్సింది గేమ్ తయారు చేసేవారే.